నాయనమ్మ దగ్గు – పొయ్యిలోని కారణం

దగ్గుకు మన పెరటిలోనూ వంటింటిలోనూ ఉన్నన్ని మందులు మరే రోగానికీ లేవు. అల్లం, తులసి, మిరియాలు, అడ్డసరం, కరక్కాయ, అతిమధురం – ఇవన్నీ గుణం గలవే. అయినా కొందరికి ఏళ్ళ తరబడి ఇవి వాడినా దగ్గు తగ్గదు. అటువంటప్పుడు మందు మార్చడం కంటె ముందుగా కారణాన్ని వెదకాలి. వైద్య గ్రంథాలలో చికిత్స కంటె ముందు నిదానాన్ని చెప్పడంలోని ఉద్దేశం అదే. రోగహేతువును విడిచిపెట్టడమే సంక్షేపంగా చికిత్స అని సుశ్రుతాచార్యులు నిర్ణయించారు.

ఈ విషయాన్ని పాఠకులకు సులభంగా బోధపరచడానికి ఒక చిన్న కథను ఆధారంగా తీసుకుంటున్నాను. ఇందులోని కుటుంబం కల్పితం. రోగలక్షణాలు, పరిశీలించిన పద్ధతి, చికిత్సాక్రమం మాత్రం నిజమైన రోగులలో కనిపించేవే.

పట్నంలో తగ్గి, పల్లెలో పెరిగిన దగ్గు

నాయనమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. కంకిపాడు దాటిన తరువాత కాలువ గట్టున ఉన్న ఒక పల్లెలో చిన్నకొడుకు దగ్గర ఉంటుంది. పెద్దకొడుకు విజయవాడలో, బెంజ్ సర్కిల్‌కు రెండు వీధుల అవతల నాలుగో అంతస్తులో కాపురం. ఆమెకు దగ్గు మొదలై ఆరేళ్ళయింది. తెల్లవారుజామున లేవగానే ఆగకుండా దగ్గు, ఒక చిన్న గిన్నెడు తెల్లని కళ్ళె, కళ్ళవెంట నీరు. పగలు కొంత నయం. మళ్ళీ దీపాలవేళ మొదలై రాత్రి నాలుగైదుసార్లు నిద్ర లేపుతుంది. వానాకాలంలోనూ ధనుర్మాసపు చలిలోనూ మరీ ఎక్కువ. చుట్ట, పొగాకు అలవాటు లేదు.

కార్తిక మాసంలో పెద్దకొడుకు ఆమెను విజయవాడ తీసుకువచ్చాడు. "బండ్ల పొగ తప్ప ఏముందిరా ఇక్కడ? నా దగ్గు ఇంకా ముదురుతుంది" అని ఆమె బయలుదేరేటప్పుడే గొణిగింది. కాని పదకొండు రోజులు అక్కడ ఉంటే, వారం గడిచేసరికి రాత్రి లేవడం రెండుసార్లకు తగ్గింది. అదే కషాయం, అదే చూర్ణం. పల్లెకు తిరిగి వెళ్ళిన నాలుగోరోజుకు దగ్గు మళ్ళీ యథాస్థితికి వచ్చింది.

"పట్నం గాలిలో తగ్గి, పల్లెగాలిలో పెరగడమేమిటి నాయనమ్మా?" అని మనవడు అడిగాడు.

"ఏమో నాన్నా, మీ అమ్మ నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. పనిలేక కూర్చుంటే దగ్గు కూడా పడుకుందేమో!" అన్నది ఆమె.

నవ్వులాటకు అన్న ఆ మాటలోనే రోగనిదానం ఉన్నది. ఆమె పట్నంలో విడిచిపెట్టింది పల్లెను కాదు, పొయ్యిని.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో కాసరోగ కారణాలను చెబుతూ, పొగ తగలడాన్నీ ధూళినీ అన్నిటికంటె ముందు పేర్కొన్నారు. రూక్షాన్నం, వేగాలను ఆపుకోవడం వంటివి ఆ తరువాతనే వస్తాయి. అదే గ్రంథం సూత్రస్థానంలో అగ్నికర్మను వివరించే అధ్యాయంలో ధూమోపహతుని, అనగా పొగదెబ్బ తగిలినవాని లక్షణాలు విడిగా వర్ణించబడ్డాయి. అతడు ఆయాసపడతాడు, తుమ్ముతాడు, దగ్గుతాడు. కళ్ళు మండి ఎర్రబడతాయి. వాసనలు, రుచులు సరిగా తెలియవు. మన నాయనమ్మ రెండేళ్ళుగా కూరలో ఉప్పు ఎక్కువ వేస్తున్నదని కోడలు చెప్పిన సంగతికి ఇక్కడ ఒక ఆధారం దొరుకుతుంది.

పొగ రూక్షమైనది, తీక్ష్ణమైనది. నిత్యం లోపలికి పోయే కొలదీ శ్వాసమార్గంలోని స్నిగ్ధతను హరించి ప్రాణవాయువు గతిని చెరుపుతుంది. తనను కాపాడుకోవడానికి శరీరం ఆ మార్గంలో కఫాన్ని అధికంగా పుట్టిస్తుంది. ఈ కఫం రాత్రంతా నిలిచి, తెల్లవారుజామున బయటపడజూస్తుంది. ఆధునిక వైద్యులు కూడా ఇదే సంగతిని మరొక విధంగా చెబుతారు. పొగలోని సూక్ష్మ రేణువులు ఊపిరి గొట్టాల లోపలి పొరను రేపుతాయి. శ్లేష్మాన్ని పైకి నెట్టే సన్నని నూగు వంటి కేశాలు దెబ్బతింటాయి. శ్లేష్మగ్రంథులు పెరుగుతాయి. అందువలన కళ్ళె ఎక్కువై, దాన్ని తీయడానికి దగ్గు ఒక్కటే ఉపాయంగా మిగులుతుంది.

పొగ త్రాగని స్త్రీలకు ఇటువంటి రోగం ఎందుకు వస్తున్నదన్న ప్రశ్న మన దేశంలో చాలాకాలంగా ఉన్నదే. ఢిల్లీలో ఊపిరితిత్తుల వ్యాధి ముదిరి గుండె దెబ్బతిన్న రోగులను పరిశీలించి 1959లో డాక్టర్ ఎస్. పద్మావతి గారు తమ సహచరునితో కలిసి ప్రకటించిన వ్యాసం ఈ మార్గంలో తొలి అడుగులలో ఒకటి. మన ప్రాంతానికి సంబంధించిన లెక్క కూడా ఒకటున్నది. నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల పల్లెలలో 420 ఇండ్లను పరీక్షించి 2004లో ప్రకటించిన పరిశోధనలో, ఇరవైనాలుగు గంటల సగటున ఘనపుమీటరు గాలిలో పీల్చదగిన సన్నరేణువులు గ్యాసు వాడే ఇండ్లలో 73 మైక్రోగ్రాములు ఉండగా, కట్టెలు, పిడకల వంటివి వాడే ఇండ్లలో 732 వరకు ఉన్నాయి. అంటే పదిరెట్లు. నాయనమ్మ పట్నంలో ఎందుకు కోలుకున్నదో దీన్నిబట్టి ఊహించవచ్చు. బెంజ్ సర్కిల్ కూడలిలోని పొగ మంచిదని దీని అర్థం కాదు. అది నాలుగో అంతస్తులోని ఆమెకు దూరాన ఉన్నది. పొయ్యి పొగ ముఖానికి జానెడు దూరంలో ఉన్నది.

ఊదుగొట్టం చేసే కీడు

వైద్యుడు ఆమెను వంట ఎలా చేస్తారో చేసి చూపమన్నాడు. నేలమీది మట్టిపొయ్యి, ముందుకు వంగి గొంతు కూర్చోవాలి. వంటచెరకు కందికంప, కొబ్బరిమట్టలు, తాటిమట్టలు. వర్షాలలో అవి చెమ్మగిలి ఉంటాయి. చెమ్మ ఆరేవరకు మంట లేవదు, పొగ మాత్రం లేస్తుంది. అప్పుడు ఊదుగొట్టం అందుకోవాలి. గట్టిగా ఊదాలంటే ముందు గుండెల నిండా గాలి పీల్చాలి. పీల్చే చోటేమో పొయ్యి ముందే. మామూలుగా పీల్చే ఊపిరికి రెండు మూడు రెట్ల ఊపిరిని ఆమె దట్టమైన పొగలో నుంచే తీసుకుంటున్నది. ఒక్క పూట వంటలో ఇలా ఇరవైసార్లకు తక్కువ ఉండదు.

ఇంకొక చిత్రం. దగ్గు తగ్గడానికి ఆమె రోజూ పెట్టుకునే తులసి, మిరియాల కషాయం కూడా ఆ పొయ్యిమీదే, సన్నని సెగన, ముప్పావుగంట కాగేది. గిన్నెలోని మందు ఒక చేత ఇస్తున్న ఉపశమనాన్ని గిన్నె క్రింది పొగ రెండవ చేత తీసుకుంటున్నది.

అయితే వైద్యుడు వెంటనే పొయ్యిమీద నేరం మోపలేదు. రెండు వారాలకు మించిన దగ్గు ఏదైనా సరే ముందుగా క్షయ కాదని తేల్చుకోవాలి. ప్రభుత్వాసుపత్రులలో కళ్ళె పరీక్ష ఉచితంగానే చేస్తారు. ఆ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఊదించి ఊపిరి బలం కొలిచే పరీక్ష చేయించాడు. క్షయ లేదు. ఊపిరిగొట్టాలు కొంత బిగిసి ఉన్నాయని తేలింది. రక్తపోటుకు వాడే మాత్రలలో కొన్ని రకాలు పొడిదగ్గు తెప్పిస్తాయి గనుక ఆమె మాత్రల చీటీ కూడా చూశాడు. అవి ఆ రకానివి కావు. ఇవన్నీ తేలిన తరువాతనే పొయ్యి మార్పించమని చెప్పాడు.

గ్యాసు వచ్చింది, దగ్గు పోలేదు

చిన్నకొడుకు ఇంట్లో గ్యాసు పొయ్యి లేక కాదు. కోడలు టీ, టిఫిన్లకు దాన్నే వాడేది. అన్నం, పప్పు, పులుసు మాత్రం నాయనమ్మ రాజ్యం. "గ్యాసు మీద వండితే అన్నం ఉడుకుతుంది గాని రుచి పుట్టదు" అని ఆమె వాదం. కట్టెపుల్లలు ఊరికే దొరుకుతుంటే సిలిండరు కొనడమెందుకన్నది లోపలి మాట. ఆంధ్రప్రదేశ్‌లో పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లిచ్చే దీపం పథకం 1999లోనే వచ్చినా, 2024 నవంబరులో దీపం-2 క్రింద అర్హులైన కుటుంబాలకు ఏటా మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వసాగినా, కనెక్షన్ ఉన్న ఇంట్లో కూడా కట్టెలపొయ్యి ప్రక్కనే వెలుగుతూ ఉండడానికి కారణాలు ఈ రెండే – రుచి, ఖర్చు.

చివరకు మనవడి మాట చెల్లింది. మార్గశిరంలో మట్టిపొయ్యి తీసి, గ్యాసు పొయ్యిని నిలబడి వండే ఎత్తులో గట్టుమీద పెట్టారు. వైద్యుడు కోడలికి ఒక పని అప్పగించాడు. ఒక నోటుపుస్తకంలో రోజూ నాలుగు సంగతులు వ్రాయాలి: రాత్రి ఎన్నిసార్లు దగ్గుతో లేచారు, ఉదయం కళ్ళె ఎంత, దాని రంగేమిటి, ఆ రోజు ఇంట్లో ఏ ఏ నిప్పులు వెలిగాయి.

పదిరోజులకు కళ్ళమంట పోయింది. సాయంత్రపు దగ్గు సగమైంది. కాని తెల్లవారుజామున దగ్గు ఏమీ తగ్గలేదు. "చూశావా, నా పొయ్యి తప్పేమీ లేదు" అన్నది నాయనమ్మ.

"అత్తయ్యా, ఈ పుస్తకంలో ఇంకా మూడు నిప్పులున్నాయి" అన్నది కోడలు.

మొదటిది పెరట్లో నీళ్ళపొయ్యి. తెల్లవారుజామున నాలుగున్నరకు, మంచు దిగి పొగ పైకి లేవని వేళ, నాయనమ్మ మంచానికి తలాపున ఉన్న కిటికీ క్రిందనే స్నానాల నీళ్ళు కాగేవి. రెండవది పాలదాలి. గుంటలో పిడకలు రాజేసి, పైన కుండలో పాలు పెట్టి సాయంత్రం దాకా కాస్తారు. మంట కనిపించదు గనుక దాన్ని ఎవరూ పొయ్యిగా లెక్కించరు. నిజానికి మంట లేని నిప్పే ఎక్కువ పొగ ఇస్తుంది. మూడవది రాత్రి మంచం క్రింద పెట్టే దోమల చక్రం.

నీళ్ళు కాచడం గ్యాసుకు మారింది. కిటికీ దగ్గరి పొయ్యి తీసేశారు. దోమల చక్రం బదులు దోమతెర కట్టారు. దాలి దగ్గర మాత్రం పేచీ వచ్చింది. ఎర్రగా కాగిన ఆ పాల మీగడ, గట్టిగా తోడుకున్న ఆ పెరుగు గ్యాసు మీద రావని ఆమె పట్టు. అది అబద్ధం కాదు. కోడలు దళసరి అడుగు గిన్నెలో, చిన్న బర్నరు మీద, బాగా తగ్గించిన సెగన నలభై నిమిషాలు పాలు కాచి చూపింది. "దాలి పెరుగు కాదులే, అయినా తినవచ్చు" అని నాయనమ్మ ఒప్పుకున్నది. నాలుగో నిప్పు ఆరిన తరువాత మూడు వారాలకు ఆమె రాత్రి లేవడం ఒకసారికి దిగింది. ఉదయపు కళ్ళె గిన్నెడు నుంచి రెండు చెంచాలకు వచ్చింది.

వాడిన మందులు

నిదానం తొలగిన తరువాత మందు పనిచేయడానికి చోటు దొరుకుతుంది. ఆమెకు రెండే ఇచ్చారు.

నేలములక (వాకుడు) కషాయం: ఎండించిన సమూలం కచ్చాపచ్చాగా దంచి ఇరవై గ్రాములు తీసుకుని, పదహారు రెట్లు, అనగా 320 మిల్లీలీటర్ల నీటిలో వేసి, ఎనిమిదో వంతు, అనగా 40 మిల్లీలీటర్లు మిగిలేవరకు కాచి వడగట్టాలి. దీన్ని రెండు భాగాలు చేసి ఉదయం, సాయంత్రం ఒక్కొక్క చిటికెడు పిప్పళ్ళ చూర్ణం కలిపి గోరువెచ్చగా త్రాగించారు. ఇది కళ్ళె పడే దగ్గుకు తగినది. మూడు వారాలు ఇచ్చి ఆపారు.

సితోపలాది చూర్ణం: మూడు గ్రాములు రోజుకు రెండుసార్లు తేనెతో. దీనిలో పటికబెల్లం పదహారు భాగాలు, వెదురుప్పు ఎనిమిది, పిప్పళ్ళు నాలుగు, ఏలకులు రెండు, దాల్చినచెక్క ఒక భాగం. సగానికి పైగా పటికబెల్లమే గనుక మధుమేహం ఉన్నవారు దీన్ని స్వయంగా వాడరాదు. అట్లే దగ్గుకు చాలామంది నమిలే అతిమధురం రక్తపోటును పెంచగలదు. ఆ రోగులు వైద్యుని అడగకుండా రోజూ వాడరాదు.

శాస్త్రంలో కాసానికి ధూమపానం కూడా చికిత్సగా చెప్పబడింది కదా అని కొందరు పాఠకులు అడగవచ్చు. అది నిర్ణీత ద్రవ్యాలతో, నిర్ణీత పరిమాణంలో, యోగ్యుడైన రోగికి మాత్రమే, వైద్యుని ఎదుట చేయించే క్రియ. గదినిండా సాంబ్రాణి పొగ వేయడం, అగరువత్తుల కట్ట వెలిగించడం దానికి సమానం కావు. పాతదగ్గు ఉన్న ఇంట్లో ఇవి హానికరం.

నిజంగా తగ్గిందా?

ఫాల్గుణం నాటికి ఇంటిల్లిపాదీ సంతోషించారు. వైద్యుడు మాత్రం తుది మాట చెప్పలేదు. ఎండలు వచ్చేసరికి ఇటువంటి దగ్గు పొయ్యి మార్చకపోయినా కొంత తగ్గుతుంది. కనుక వేసవిలో చూసి గెలిచామనుకోరాదు. తిరిగి ధనుర్మాసం వచ్చినప్పుడు, నిరుటి ధనుర్మాసంతో పోల్చాలి. ఆ సంవత్సరం ధనుర్మాసంలో ఆమె రాత్రి ఒకసారి లేచేది. కొన్ని రాత్రులు అదీ లేదు. అప్పుడు పొయ్యి మార్చినందువల్లనే తగ్గిందని నమ్మకంగా చెప్పగలిగారు.

పూర్తిగా పోయిందా అంటే, లేదు. మేడమెట్లు ఎక్కితే ఆయాసం ఉన్నది. నలభై ఏళ్ళ పొగ ఊపిరితిత్తులలో చేసిన నష్టం పొయ్యి తీసేసినంత మాత్రాన తిరిగి రాదు. వృద్ధులకు వచ్చే జరాకాసం యాప్యమని, అనగా అదుపులో ఉంచదగినదే గాని సమూలంగా పోగొట్టదగినది కాదని చరకాచార్యులు చెప్పారు. కనుక నష్టం పెరగకుండా ఆగడం, రాత్రి నిద్ర పట్టడం – ఈ వయసులో ఆశించదగిన ఫలం ఇది.

కట్టెలు తప్పనిచోట

గ్యాసుకు మారలేని ఇండ్లలో పొగగొట్టం గల పొయ్యి మేలు. దీనిపై మన తెలుగునేలలోనే కృషి జరిగింది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్. పి. రాజు గారు పొగరాని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై ఒక చిన్న పుస్తకం కూడా ప్రకటించారు. ఇటువంటి పొయ్యిలో గొట్టం ఇంటికప్పును దాటి పైకి ఉండాలి. లేకపోతే పొగ చూరు క్రింద నుంచి మళ్ళీ ఇంట్లోకే వస్తుంది. గొట్టంలో మసి పేరుకుంటే పొగ వంటింట్లోకే తిరుగుతుంది కనుక తరచుగా దులపాలి. మట్టి పగుళ్ళను వెంటవెంటనే మెత్తాలి. వానాకాలానికి ముందే కట్టెలను ఎండబెట్టి నీడపట్టున దాచాలి. గొట్టం పొగను తగ్గిస్తుందే గాని గ్యాసుతో సమానం చేయదు.

మీ ఇంట్లో పెద్దవారికి పాతదగ్గు ఉంటే, వారం రోజులపాటు కోడలు వ్రాసిన ఆ నాలుగు సంగతులనే వ్రాసి చూడండి. వేరే ఇంటికి వెళ్ళినప్పుడు తగ్గి, తిరిగి రాగానే పెరిగే దగ్గుకు కారణం ప్రాయికంగా ఇంట్లోనే ఉంటుంది. అయితే కళ్ళెలో నెత్తురు జీర కనిపించినా, సాయంకాలపు జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, పాదాలు వాచినా, పడుకుంటే ఊపిరాడకపోయినా పొయ్యి సంగతి తరువాత చూసుకోవచ్చు. ఆ రోజే వైద్యునికి చూపించాలి.